కాల్ సమ్మరీలో రికార్డింగ్ అనుమతి, డేటా సంగతి ఎలా రాయాలి?

‘కన్సెంట్ తీసుకున్నాం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, రేపు కస్టమర్ ఫిర్యాదు చేసినప్పుడు అది అక్కరకు రాదు. ఎవరు చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు, అవతలివాళ్లు ఏమన్నారు అన్న మూడూ సమ్మరీలో కనిపించాలి.

బీమా పాలసీ రెన్యువల్ కోసం ఏజెంట్ చేసిన ఒక కాల్ అనుకుందాం.

1. కాల్ రికార్డవుతోందన్న ప్రకటన ఎక్కడుందో వెతకండి. కస్టమర్ ఫోన్ చేస్తే మెషిన్ గొంతు ముందే చెబుతుంది, కానీ కొన్నిచోట్ల ఆ తర్వాతే రికార్డింగ్ మొదలవుతుంది. అలాంటప్పుడు ‘చెప్పలేదు’ అని రాయకండి, ‘రికార్డింగ్‌లో వినిపించలేదు’ అనండి. మన వైపు నుంచి వెళ్లే కాల్‌లో ఏజెంటే చెప్పాల్సి రావచ్చు. మన ఉదాహరణలో 00:14 దగ్గర ఏజెంట్ అన్నాడు: “క్వాలిటీ కోసం ఈ కాల్ రికార్డవుతోంది, సరేనా అండీ?”

2. జవాబును ఉన్నదున్నట్టు రాయండి. కస్టమర్ అన్నది: “ఆ చెప్పండి చెప్పండి, పని ఉంది.” ఇది ఒప్పుకోలా, విసుగా? తేల్చడం సమ్మరీ రాసేవాళ్ల పని కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి తీసుకునే చోట అది సందేహానికి తావులేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఉండాలి. కాబట్టి దీన్ని ‘అవును’గా మార్చేస్తే మీరే కొత్త మాట పుట్టించినట్టు.

3. డేటా గురించి అన్న మాటలు వేరుగా రాయండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. 03:40 దగ్గర కస్టమర్ అడిగింది: “నా నంబరు ఇంకెవరికైనా ఇస్తారా?” ఏజెంట్ జవాబు: “మా దగ్గరే ఉంటుందండీ.” దీన్ని ‘డేటా ఎవరితోనూ పంచుకోమని హామీ ఇచ్చారు’ అని రాస్తే, ఇవ్వని హామీ ఇచ్చినట్టవుతుంది. ఎన్నాళ్లు ఉంచుతారో, వ్యాపార ప్రకటనలకు వాడతారో లేదో మాటల్లో రాకపోతే ‘ప్రస్తావన లేదు’ అనండి. కంపెనీ పాలసీలో ఉంది కదా అని ఇక్కడ కలపకూడదు.

4. మధ్యలో చేరినవాళ్లను వదలకండి. 06:10కి కస్టమర్ కొడుకు స్పీకర్‌లో మాట్లాడాడు. రికార్డింగ్ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. కాల్ సూపర్‌వైజర్‌కు ట్రాన్స్‌ఫర్ అయినా ఇదే లెక్క.

సమ్మరీలో ఆ భాగం ఇలా ఉంటుంది:

> రికార్డింగ్: 00:14, ఏజెంట్ తెలుగులో చెప్పారు, కారణం ‘క్వాలిటీ’.
> జవాబు: “ఆ చెప్పండి చెప్పండి, పని ఉంది.” స్పష్టమైన అవును/కాదు లేదు.
> డేటా: 03:40, నంబరు గురించి అడిగితే “మా దగ్గరే ఉంటుందండీ” అన్నారు. గడువు, వ్యాపార ప్రకటనల వాడకం: ప్రస్తావన లేదు.
> 06:10: కస్టమర్ కొడుకు చేరారు, మళ్లీ రికార్డింగ్ ప్రకటన లేదు.

కస్టమర్ నంబరు, పుట్టిన తేదీ, ఓటీపీ లాంటివి వినిపించినా ఇందులోకి ఎక్కించకండి. “వద్దు, రికార్డ్ చేయకండి” అన్నారంటే మాత్రం ఆ లైను అన్నిటికన్నా పైన పెట్టి, ఆ తర్వాత రికార్డింగ్ ఆగిందో లేదో పక్కనే టైమ్‌తో రాయండి.