చీరల హోల్‌సేల్ వ్యాపారికి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్: పొజిషనింగ్ స్టేట్‌మెంట్ ఎక్కడ దెబ్బతింటోంది?

బెంగళూరులో చిన్న సాఫ్ట్‌వేర్ టీములు బట్టల వ్యాపారుల కోసం రాసుకునే స్టేట్‌మెంట్ చాలాసార్లు ఇలా ఉంటుంది:

"లెక్కలు సులువుగా చూసుకోవాలనుకునే చిన్న బట్టల వ్యాపారులకు మాది జీఎస్టీతో సహా అన్నీ ఉన్న క్లౌడ్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. మిగతా సాఫ్ట్‌వేర్ల కంటే వాడటం తేలిక."

ఈ మాటలు కస్టమర్ చదవడానికి కాదు. ఎవరికి, ఏ అవసరానికి, దేనికి బదులుగా, ఏ తేడాతో అమ్ముతున్నామో టీము తనకోసం రాసిపెట్టుకునేది. డెమోలో మొదట ఏ స్క్రీన్ తెరవాలి, ఏ షాపు మెట్లెక్కాలి అన్నది దీన్నిబట్టే నిర్ణయమవుతుంది. కాబట్టి ఇందులో తప్పుంటే అది షాపులో వ్యాపారి నోటి మాటగా బయటపడుతుంది.

సమస్య: "అదంతా మా ఆడిటర్ చూసుకుంటాడప్పా" అని వ్యాపారి అక్కడికక్కడే ముగించేస్తాడు

కారణం: మీరు జీఎస్టీతో మొదలుపెట్టారు. ఆ పని ఆయన ఎప్పుడో ఆడిటర్‌కు అప్పగించేశాడు. నెలనెలా ఫీజు కూడా కడుతున్నాడు. తీరిపోయిన తలనొప్పికి మళ్ళీ మందు కొనమంటే ఎవరు కొంటారు?

పరిష్కారం: స్టేట్‌మెంట్‌లోంచి జీఎస్టీని తీసేయండి. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం తప్పకుండా ఉండాలి. చీర ఎంత ఖరీదైనా 5 శాతమే, రెడీమేడ్ అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయలు దాటిన పీసుకు 18 శాతం. ఈ రెండూ అమ్మే షాపులో బిల్లు తప్పు పడకూడదు. కానీ ఏ బిల్లింగ్ సాఫ్ట్‌వేరైనా చేయాల్సిన పనే అది, మీ ప్రత్యేకత కాదు.

సమస్య: డెమో అంతా చూసి "బాగుంది, చూద్దాం" అంటాడు, మళ్ళీ ఫోన్ ఎత్తడు

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, టీములు ఎక్కువగా తప్పు అర్థం చేసుకునేదీ ఇదే. రేటు ఎక్కువైందనుకుని డిస్కౌంట్ ఇస్తారు. అసలు కారణం "మిగతా సాఫ్ట్‌వేర్ల కంటే" అన్న మాటలో ఉంది. ఆ వ్యాపారి మిమ్మల్ని ఇంకో సాఫ్ట్‌వేర్‌తో పోల్చడం లేదు. గుమాస్తా రాసే బాకీల పుస్తకంతో, వాట్సాప్‌లో దాచుకున్న బిల్లు ఫోటోలతో, తన జ్ఞాపకంతో పోల్చుకుంటున్నాడు. వాటికి అదనంగా ఖర్చేమీ లేదు.

దీన్ని కనిపెట్టడానికి "ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు సార్?" అని అడగకండి. "నిన్న డబ్బుల కోసం ఏ పార్టీకి ఫోన్ చేశారు? అప్పుడు మీ ముందు ఏం పెట్టుకున్నారు?" అని అడగండి. ఆయన చేయి దేనివైపు వెళ్తుందో అదే మీ పోటీ.

బెంగళూరు చిక్‌పేటలో ఒక హోల్‌సేల్ షాపు అనుకుందాం. మదనపల్లెలోని ఒక పార్టీకి అప్పు మీద మూడు బిల్లుల సరుకు వెళ్ళింది: 42,000, 31,500, 26,000. మొత్తం 99,500. రెండో బిల్లులోని 4 చీరలు వాపసు వచ్చాయి, విలువ 3,200. ముప్పై రోజుల్లోపు కడితే 3 శాతం క్యాష్ డిస్కౌంట్ అని ముందే మాట. మొదటి బిల్లు గడువు దాటకముందే పార్టీ 60,000 బ్యాంకులో వేసింది. ఏ బిల్లుకో చెప్పలేదు. గుమాస్తా దాన్ని మొత్తంలోంచి తీసేసి 39,500 బాకీ అని రాసుకున్నాడు.

నెల తర్వాత వ్యాపారి ఫోన్ చేస్తే అవతలి నుంచి "నేనివ్వాల్సింది 35,040 మాత్రమే అన్నా" అని జవాబు. ఎవరిది సరి? మొదటి బిల్లుకు డిస్కౌంట్ 1,260 పోతే 40,740. అరవై వేలలో మిగిలిన 19,260 రెండో బిల్లుకు వెళ్తుంది. వాపసు తీసేస్తే ఆ బిల్లు 28,300, అందులో ఇంకా 9,040 రావాలి. మూడో బిల్లు 26,000 కలిపితే 35,040. పార్టీ చెప్పిందే సరి. 4,460 తేడా ఎక్కడిదో ఫోన్ మీద తేల్చలేక వ్యాపారి "పుస్తకం చూసి చెప్తా" అని పెట్టేస్తాడు. ఆ రోజుకు వసూలు ఆగిపోయినట్టే. పైగా ఆ వాపసుకు క్రెడిట్ నోట్ వేయకుండా వదిలేస్తే, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే, దాని మీద కట్టిన జీఎస్టీ తగ్గించుకునే వీలు కూడా పోతుంది. వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేసేస్తే గడువు ఇంకా ముందే ముగుస్తుంది.

పరిష్కారం: "లెక్కలు సులువు" కొట్టేసి ఈ ఫోన్ కాల్‌ను అవసరంగా రాయండి. "దేనికి బదులుగా" అన్నచోట బాకీల పుస్తకం పేరు పెట్టండి. డెమో కూడా డాష్‌బోర్డుతో కాకుండా ఆ షాపులోనే గొడవలో ఉన్న ఒక పార్టీ లెక్కతో మొదలుపెట్టండి.

సమస్య: "బిల్లు వారీ బాకీలు టాలీలోనే ఉన్నాయి కదా" అంటాడు

ఉన్నాయి. ఇక్కడ వాదించకండి. "మేము బిల్లు వారీ బాకీ చూపిస్తాం" అన్నది తేడా కాదు. కానీ టాలీలో రసీదు ఎంట్రీ వేసేటప్పుడు `Agst Ref` ఎంచుకుని ఏ బిల్లుకు ఎంతో ఎవరో ఒకరు చెప్పాలి. పార్టీ చెప్పకపోతే, గుమాస్తాకు తీరిక లేకపోతే అది ఏ బిల్లుకూ చేరకుండా `On Account` కింద పడుతుంది, అలాగే ఉండిపోతుంది. లోపం టాలీది కాదు, ఆ నిమిషంలో సమాచారం లేకపోవడానిది. మీ సాఫ్ట్‌వేర్ పార్టీ వారీ డిస్కౌంట్ షరతులు, వాపసులు పెట్టుకుని ఆ సర్దుబాటును తానే సూచించగలిగితే అదే తేడా. చేయలేకపోతే స్టేట్‌మెంట్‌లో ఆ మాట రాయకండి, ముందు ఆ పని పూర్తి చేయండి.

సమస్య: ఒక్కో సేల్స్ మనిషి ఒక్కోటి చెబుతాడు

"చిన్న బట్టల వ్యాపారులు" మరీ పెద్ద గుంపు. కట్‌పీసులవాడికి మీటర్ల స్టాకు కావాలి, రెడీమేడ్ షాపుకు సైజులు, బార్‌కోడ్ కావాలి, చీరల హోల్‌సేలర్‌కు వసూళ్ళు కావాలి. టర్నోవర్‌ను బట్టి కాకుండా, పని తీరును బట్టి ఒక్కరినే ఎంచుకోండి. పై కేసు నుంచి వచ్చే స్టేట్‌మెంట్ ఇదీ:

"రాయలసీమ ఊళ్ళ షాపులకు అప్పు మీద చీరలు పంపే చిక్‌పేట హోల్‌సేల్ వ్యాపారి కోసం. పార్టీ పంపిన డబ్బు ఏ బిల్లుకు ఎంత వెళ్ళిందో ఫోన్ మీదే తేల్చాల్సి వచ్చినప్పుడు పనికొచ్చే వసూళ్ళ లెక్కల సాఫ్ట్‌వేర్ ఇది. బాకీల పుస్తకంలా కాకుండా, డబ్బు పడిన రోజే డిస్కౌంటు, వాపసు కలిపి బిల్లు వారీ లెక్క వేసి పార్టీకి వాట్సాప్‌లో పంపుతుంది. ఆడిటర్‌కు టాలీలోకి ఎక్కే డేటా ఇస్తుంది."

రోజూ నగదు మీద అమ్మే షాపుకు ఇందులో ఒక్క మాటా పనికిరాదు. సేల్స్ మనిషి ఆ షాపు మెట్లెక్కకూడదు. రేపు చెన్నై గోడౌన్ స్ట్రీట్‌కు వెళ్ళాలనుకుంటే ఊరి పేరు మార్చి వాడేయకండి. అక్కడి వ్యాపారులను కూడా "నిన్న ఎవరికి ఫోన్ చేశారు, ఏం చూసి మాట్లాడారు" అని అడిగి, వాళ్ళ గొడవ ఇదేనా, ఇంకోటా అని తేల్చుకున్నాకే రాయండి.