పండగల ముందు గానుగ నూనె ధర పెంచేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

అనంతపురం జిల్లాలో ఖరీఫ్ వేరుశనగ అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంటికి చేరుతుంది. పాత సరుకు తరిగిపోయి కొత్తది ఇంకా రాని సమయంలోనే వినాయక చవితి, దసరా, దీపావళి వరుసగా వస్తాయి. వేరుశనగ పప్పు ధర ఎక్కేదీ, నూనె గిరాకీ పెరిగేదీ సాధారణంగా అప్పుడే. గానుగ నడిపేవారికి ఏటా ఎదురయ్యే చిక్కు ఇది. ధర పెంచక తప్పకపోతే, దాన్ని శ్రావణంలోనే తేల్చుకుని చెప్పడం మేలు. పండగ వారంలో పెంచితే కారణం ఎంత న్యాయమైనదైనా, అవసరం చూసి గుంజుకున్నారనే అంటారు.

ముందుగా లెక్క సరిచూసుకోవాలి. చెక్క గానుగలో కిలో నూనె దిగడానికి దాదాపు రెండున్నర కిలోల పప్పు పడుతుంది. పప్పు కిలో 110 రూపాయల నుంచి 125కు చేరిందనుకుందాం. పదిహేను రూపాయలే కదా అనిపిస్తుంది గానీ, కిలో నూనె మీద అది ముప్పై ఏడున్నర. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి లీటరు మీద 34 రూపాయలు, అయిదు లీటర్ల డబ్బా మీద 170. కొనేవారికి పప్పు ధర మాత్రమే తెలుసు. ‘పప్పు పదిహేను పెరిగితే నూనె ముప్పై నాలుగు ఎందుకు పెరగాలి?’ అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. ఈ రెండున్నర కిలోల సంగతి అంగట్లో అందరికీ కనబడేలా రాసిపెడితే సగం గొడవ అక్కడే తీరుతుంది. అయితే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క అమ్మిన డబ్బును కూడా లెక్కలో చూపాలి. పశువులున్నవారికి చెక్క ధర మీకంటే బాగా తెలుసు. చెక్క ధర కూడా పెరిగి ఉంటే ఆ మేరకు నూనె పెంపు తగ్గాలి.

పెంచవలసింది 34 అయితే ఒకేసారి పెంచండి. ఈ నెల 15, వచ్చే నెల 19 అని విడగొడితే భారం తగ్గినట్టు మీకు అనిపిస్తుంది, కొనేవారికి మాత్రం రెండుసార్లు పెంచినట్టు గుర్తుండిపోతుంది.

ధర అలాగే ఉంచి సీసాలో నూనె తగ్గించడం, లేదా చవక నూనె కలపడం చాలామందికి తోచే ఉపాయం. నా మటుకు నాకు, ఖాతాదారులను పోగొట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరిదారి కనబడదు. నెలంతా వచ్చే డబ్బా నాలుగు రోజుల ముందే ఖాళీ అయితే వంటింట్లో వెంటనే తెలుస్తుంది. పరిమాణం తగ్గించక తప్పకపోతే పాత సీసా రూపం వాడకుండా, కొత్త కొలతను పెద్ద అక్షరాలతో ముందువైపే వేయించండి. కలిపిన నూనెకైతే అగ్‌మార్క్ ఉండాలి, సీలు వేసిన ప్యాకెట్లోనే అమ్మాలి. దాన్ని గానుగ వేరుశనగ నూనె పేరుతో అమ్మడం మోసమే.

పాత ధర ముద్రించిన డబ్బాల విషయంలో మరీ జాగ్రత్త. ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు మించి అమ్మకూడదు, దాని మీద ఎక్కువ ధర స్టిక్కరు అంటించకూడదు. తూనికలు, కొలతల శాఖ తనిఖీలో ఇది తేలికగా దొరికిపోతుంది. ఆ సరుకును ఇబ్బందిగా చూడకుండా పాత ఖాతాదారుల కోసం పక్కన పెట్టండి. ఇంటికి ఒక డబ్బా అని హద్దు పెట్టకపోతే పక్క వీధి దుకాణదారుడు పది డబ్బాలు పట్టుకుపోతాడు.

బోర్డు మార్చడానికి పది రోజుల ముందే నెలవారీ ఖాతాదారులకు ఫోనులో సందేశం వెళ్లాలి. సందేశం ఇలా ఉంటే చాలు:

‘నమస్కారమండీ. పప్పు ధర కిలోకు 15 రూపాయలు పెరిగింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అయిదు లీటర్ల డబ్బా ధర 170 రూపాయలు పెరుగుతుంది. అంతవరకు మీకు ఒక డబ్బా పాత ధరకే ఉంచాం. నూనెలో, కొలతలో మార్పు లేదు. కొత్త పంట వచ్చాక, దీపావళి తరువాత ధర మళ్లీ చూసి చెబుతాం.’

‘తగ్గిస్తాం’ అనకుండా ‘చూసి చెబుతాం’ అనడం కావాలనే. కొత్త పప్పు ధర ఎలా ఉంటుందో ఇప్పుడే ఎవరు చెప్పగలరు? కానీ చూస్తామన్నాక చూడాలి. ధర తగ్గకపోయినా ఆ మాట చెబుతూ ఇంకో సందేశం పంపాలి.

కౌంటరు దగ్గర కూర్చునే కుర్రాడికి కూడా ఈ లెక్క వచ్చి ఉండాలి. ‘ఏమన్నా, మళ్లీ పెంచారా?’ అని అడిగినవారికి ‘నాకేం తెలుసు, మా ఓనర్‌ను అడగండి’ అని జవాబొస్తే మీరు పంపిన సందేశమంతా వృథా. ‘కిలో నూనెకు రెండున్నర కిలోల పప్పు పడుతుందక్కా’ అన్న ఒక్క మాట నేర్పండి.

తరువాత రెండు నెలలు ఖాతా పుస్తకం చూస్తూ ఉండండి. గట్టిగా తగవు పెట్టుకున్నవారు చాలావరకు మళ్లీ వస్తారు. ఏమీ అనకుండా అయిదు లీటర్ల నుంచి లీటరుకు దిగినవారు, నెలకోసారి వచ్చేవారు నెలన్నరైనా కనబడనివారు అసలు జారిపోతున్నవారు. వారికి సందేశాలు సరిపోవు, మీరే స్వయంగా ఫోను చేసి మాట్లాడాలి.