జీతం అడిగే ఉత్తరం – 3వ పాఠం: చాట్‌లోంచి పనికొచ్చే మాట ఏరడం

పోయిన పాఠంలో చాట్‌లన్నీ తేదీల ప్రకారం కాగితం మీద ఎక్కించుకున్నాం. ఈసారి ఆ కాగితంలోంచి ఉత్తరం తీద్దాం. వింజమూరు నుంచి ఖతార్ వెళ్ళి దోహాలో ఏసీ మెకానిక్‌గా చేస్తున్న ఒకబ్బాయి, సెప్టెంబరు 3 నుంచి 10 దాకా తన సూపర్‌వైజరుకు పెట్టిన మెసేజీలివి. అతని భార్య ఫోన్ పట్టుకుని కావలిలో మా ఇంటికొచ్చింది. ఇద్దరూ సరేనన్నాకే ఇక్కడ రాస్తున్నాను.

“అన్నా, జీతం ఇంకా పళ్ళా. ఏందన్నా ఇది.”
“రూములో అందరికీ మూడో తేదీనే పడింది. నాకొక్కడికే రాలా.”
“పాత కార్డు బ్లాకయిందని పోయిన నెల కొత్త అకౌంటు తెరిచా గదా, నంబరు ఆఫీసులో ఇచ్చా.”
“జూలై ఓటీ కూడా తక్కువేశారన్నా.”
“ఇంటికాడ చీటీ కట్టాల. ఆమె రోజూ ఫోన్ చేస్తా ఉంది.”
“ఇట్టయితే పని ఎట్టా చేసేది?”

ఒక్కో వాక్యం దగ్గర ఆగి ఒకటే ప్రశ్న వేసుకోండి: పేరోల్ గుమస్తా తన కంప్యూటర్లో చూసి దీన్ని తేల్చగలడా? చీటీ సంగతి తేల్చలేడు. ఆ బాధ నిజమే, కానీ అది ఇంటి మాట. ఆఖరి వాక్యం సూపర్‌వైజరుతో చనువుగా అన్నది, ఉత్తరంలో పెడితే బెదిరింపులా చదువుకుంటారు. ఓటీ మాత్రం తేల్చదగ్గదే. అయినా దాన్ని ఇందులో కలపొద్దు. రెండు లెక్కలు ఒకే ఉత్తరంలో పెడితే తేలిగ్గా ఉన్నదానికి జవాబిచ్చి రెండోది వదిలేస్తారు. జీతం పడ్డాక ఓటీకి వేరే ఉత్తరం రాయండి.

మిగిలినవి రెండో వాక్యం, మూడో వాక్యం. అసలు విషయమంతా అక్కడే ఉంది. అందరికీ పడిందంటే కంపెనీ డబ్బు పంపింది. ఇతనొక్కడికే రాలేదంటే చిక్కు ఇతని ఖాతా దగ్గరే ఉండొచ్చు. ఖతార్‌లో కంపెనీ ప్రతి మనిషి ఖాతా నంబరూ జీతమూ ఒక ఫైలులో ఎక్కించి బ్యాంకుకు పంపుతుంది. అక్కడి ఖాతా నంబరును ఐబాన్ అంటారు, అది 29 అక్షరాల పొడవు. మొదట్లో QA తర్వాత వచ్చే రెండు అంకెలు తనిఖీ కోసం పెట్టినవి. లోపల ఒక్క అంకె తప్పు కొట్టినా ఆ తనిఖీ కుదరదు, జమ ఆగిపోతుంది.

ఆ అమ్మాయిని ఫోన్ గ్యాలరీ వెతకమన్నాను. ఆఫీసులో ఇచ్చిన ఫారం ఫోటో దొరికింది. ఆగస్టు 18 తేదీతో ఆఫీసు ముద్ర ఉంది. ఖాతా నంబరు చివర అతను రాసిన 7, అడ్డగీత లేక, అచ్చం 1 లాగే ఉంది.

ఇక ఉత్తరం. ముందు తెలుగులో రాసుకున్నాం.

*విషయం: ఆగస్టు జీతం జమ కాలేదు – ఉద్యోగి నంబరు …*

*పేరోల్ విభాగం వారికి నమస్కారం. నా ఆగస్టు జీతం 1,800 రియాళ్ళు ఈ రోజు, సెప్టెంబరు 11 ఉదయం వరకు నా ఖాతాలో జమ కాలేదు. నాతో పనిచేసేవారికి 3వ తేదీన జమ అయింది. ఆగస్టు 18న నా కొత్త ఖాతా నంబరు మీ కార్యాలయంలో ఇచ్చాను. దాని చివరి నాలుగు అంకెలు 4, 4, 1, 7. ముద్ర వేసిన ఫారం ఫోటో జతచేశాను.*

*నా జీతం ఏ తేదీన, ఏ ఖాతాకు పంపారో తెలియజేయగలరు. అది తిరిగి వచ్చి ఉంటే, కొత్త ఖాతాకు ఏ తేదీన పంపుతారో చెప్పగలరు. ఒప్పందం ప్రకారం జీతం నెలాఖరుకు అందాలి కాబట్టి, సెప్టెంబరు 15 సోమవారం లోపు జవాబు కోరుతున్నాను.*

“ఎప్పుడు వేస్తారు” అని అడిగితే “త్వరలో” అంటారు. “ఏ తేదీన, ఏ ఖాతాకు” అని అడిగితే ఫైలు తెరిచి చూడక తప్పదు. ఉత్తరంలో గట్టిదనం ఆ ప్రశ్నలోనే ఉంది, గొంతు పెంచాల్సిన పని లేదు. సోమవారం ఎందుకంటే 11వ తేదీ గురువారం, అక్కడ శుక్ర శనివారాలు సెలవు. “రెండు రోజుల్లో” అని రాసుంటే గడువు సెలవులోనే పోయేది.

గడువు తేదీ నుంచి 7 రోజుల్లో జీతం వేయాలని ఖతార్ చట్టం చెబుతుంది. అది మొదటి ఉత్తరంలో రాయలేదు. తప్పు ఫారం మీది అంకెదే కావచ్చని మనకే అనుమానం ఉన్నప్పుడు చట్టం ఎత్తడం మర్యాద కాదు. సోమవారం దాటినా జవాబు రాకపోతే, రెండో ఉత్తరంలో మొదటి వాక్యం అదే.

పంపేముందు సూపర్‌వైజరుకు ఒక మాట చెప్పమన్నాను. తన మీద ఫిర్యాదు వెళ్ళిందని ఆయన అనుకోకూడదు.

ఆదివారం జవాబొచ్చింది. చివరి అంకె 1గా ఎక్కింది, డబ్బు తిరిగొచ్చింది, 16న మళ్ళీ పంపుతామన్నారు.

మీ చాట్ కాగితం తీసి, గుమస్తా తేల్చగలిగిన వాక్యాల కింద మాత్రమే గీత గీయండి. ఇదే ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చామో 4వ పాఠంలో చూద్దాం.