కూపన్ 8.5, చేతికొచ్చేది 5.64: బాండ్ అసలు రాబడిని లెక్కగట్టడం ఎలా?

బ్రోకర్ యాప్‌లో ఏ బాండ్‌ను తెరిచినా వడ్డీ లాగే కనిపించే అంకెలు మూడు ఉంటాయి: కూపన్ రేటు, కరెంట్ యీల్డ్, యీల్డ్ టు మెచ్యూరిటీ. మూడోది బాండ్‌ను గడువు తీరేదాకా ఉంచుకుంటే లాభనష్టాలన్నీ కలిపి ఏటా దక్కే రాబడి, దాన్ని మార్కెట్లో అందరూ వైటీఎం అంటారు. ఒకే బాండ్‌కు ఈ మూడూ మూడు రకాలుగా ఉండటానికి కారణం ధర. బాండ్ మీద అచ్చయిన ముఖ విలువ ఒకటి, ఈ రోజు మీరు కట్టే ధర ఇంకొకటి.

ఉదాహరణకు ట్యాక్స్ ఫ్రీ బాండ్ల రకాన్నే తీసుకుందాం. ఎన్‌హెచ్‌ఏఐ, ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలు వీటిని జారీ చేశాయి. 2016 తర్వాత కొత్త పబ్లిక్ ఇష్యూలు రాలేదు కాబట్టి ఇప్పుడు కావాలంటే ఎక్స్ఛేంజీలో మరొకరి దగ్గర కొనాల్సిందే. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక బాండ్‌ను ఊహించుకుందాం: ముఖ విలువ 1,000 రూపాయలు, కూపన్ 8.5 శాతం, వడ్డీ ఏడాదికోసారి, గడువు సరిగ్గా 4 ఏళ్లు. ధర 1,100.

మొదటి అడుగు: కూపన్‌ను రూపాయల్లోకి మార్చండి

కూపన్ ఎప్పుడూ ముఖ విలువ మీదే. 1,000కి 8.5 శాతం అంటే ఏడాదికి 85 రూపాయలు. మీరు 1,100కి కొన్నా, ఇంకొకరు 950కి కొన్నా వచ్చేది ఆ 85 రూపాయలే. జారీ చేసిన రోజున మార్కెట్లో వడ్డీలు ఎలా ఉన్నాయో ఈ అంకె చెబుతుంది. ఇవాళ కొనేవాడికి దీంతో ఉన్న పనల్లా ఏటా ఎంత డబ్బు వస్తుందో తెలుసుకోవడమే.

రెండో అడుగు: ఆ రూపాయల్ని ధరతో భాగించండి

85ను 1,100తో భాగిస్తే 7.73 శాతం. ఇదే కరెంట్ యీల్డ్. మీరు పెట్టిన డబ్బు మీద ఏటా చేతికొచ్చే వడ్డీ ఎంతో ఇది నిజాయితీగానే చెబుతుంది. కాకపోతే చివర్లో ఏం జరుగుతుందో దానికి తెలియదు. గడువు తీరాక మీకు తిరిగి వచ్చేది 1,000 మాత్రమే, కట్టింది 1,100. ఆ 100 రూపాయల నష్టం ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఫోన్ చేసి బాండ్లు అమ్మేవాళ్లు ప్రీమియం బాండ్ గురించి, అంటే ముఖ విలువ కంటే ఎక్కువ ధరకు దొరికే ఇలాంటి బాండ్ గురించి, ఈ 7.73నే గట్టిగా చెబితే, తర్వాతి అడుగు వేసేదాకా చెక్కు రాయకండి.

మూడో అడుగు: వైటీఎం లెక్కగట్టండి

ముందు కాగితం మీద ఉజ్జాయింపుగా చూద్దాం. 100 రూపాయల నష్టాన్ని నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 25. ఏటా వచ్చే 85లోంచి 25 తీసేస్తే మిగిలేది 60. పెట్టుబడి 1,100 దగ్గర మొదలై 1,000కి దిగుతుంది కాబట్టి సగటు 1,050. 60ని 1,050తో భాగిస్తే 5.71 శాతం.

ఖచ్చితంగా కావాలంటే ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ ఇలా కొట్టండి:

```
=RATE(4, 85, -1100, 1000)
```

ఏళ్లు, ఏటా వచ్చే వడ్డీ, కట్టిన ధర, చివర్లో వచ్చే అసలు, ఇదీ వరుస. ధర మన జేబులోంచి పోతుంది కాబట్టి దాని ముందు మైనస్ గుర్తు తప్పనిసరి. గడి శాతాన్ని దశాంశాలు లేకుండా చూపిస్తే రెండు స్థానాలు పెంచండి. జవాబు 5.64 శాతం.

ఒకే బాండ్‌కు 8.5, 7.73, 5.64. ఇంత తేడా ఎటు పోయిందో ఏడాది వారీగా చూస్తే తెలుస్తుంది. 1,100 మీద 5.64 శాతం అంటే మొదటి ఏడాది నిజంగా సంపాదించింది 62 రూపాయలు. చేతికి వచ్చింది 85. మిగతా 23 రూపాయలు మీ అసలే, వడ్డీ వేషంలో వెనక్కి వచ్చింది. దాంతో బాండ్‌లో మిగిలిన పెట్టుబడి 1,077 అయింది. రెండో ఏడాది చివరికి 1,053, మూడో ఏడాదికి 1,027, నాలుగో ఏడాదికి సరిగ్గా 1,000. వచ్చిన 85నంతా వడ్డీ అనుకుని ఖర్చుపెట్టేస్తే అసలుకే ఎసరు పెట్టుకున్నట్టు.

పన్ను వర్తించే బాండ్ అయితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మొత్తం 85కీ మీ శ్లాబు ప్రకారం పన్ను కట్టాలి, అందులో 23 మీ సొంత డబ్బే అయినా సరే. చివర్లో వచ్చే 100 నష్టం మూలధన నష్టం కిందికి వెళ్తుంది, దాన్ని వడ్డీ ఆదాయంలోంచి మినహాయించుకోవడం కుదరదు.

ధర ముఖ విలువ కంటే తక్కువైతే

అప్పుడు వరుస తలకిందులవుతుంది. 5.85% GS 2030 అనే కేంద్ర ప్రభుత్వ బాండ్ ఉంది, గడువు 2030 డిసెంబర్ 1. సరిగ్గా నాలుగేళ్లు మిగిలి ఉన్న రోజున 100 ముఖ విలువకు ధర 97 ఉందనుకోండి. కరెంట్ యీల్డ్ 6.03 శాతం. చివర్లో 3 రూపాయలు అదనంగా వస్తాయి కాబట్టి వైటీఎం ఇంకా పైకి పోతుంది. ప్రభుత్వ బాండ్లు ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి, అందుకని వాయిదాలు 8, ఒక్కో వాయిదా 2.925:

```
=RATE(8, 2.925, -97, 100)*2
```

జవాబు 6.72 శాతం. ఆరు నెలల రేటును ఊరికే రెట్టింపు చేయడం మార్కెట్ ఆనవాయితీ. ఏడాదికోసారి వడ్డీ ఇచ్చే బాండ్‌తో పోల్చేటప్పుడు మాత్రం మధ్యలో వచ్చిన వడ్డీ మీద వడ్డీని కూడా కలపాలి. అప్పుడిది 6.83 అవుతుంది. ధర సరిగ్గా ముఖ విలువే అయితే, వడ్డీ తేదీన మూడు అంకెలూ ఒక్కటే.

లెక్క తప్పేది ఎక్కడ?

ఎక్కువగా తప్పేది ధర దగ్గరే. బాండ్‌ను వడ్డీ తేదీల మధ్యలో కొంటే, గడిచిన నెలల వడ్డీ అమ్మినవాడిది. దాన్ని ధరతో పాటు మీరే కట్టాలి. మన ట్యాక్స్ ఫ్రీ బాండ్‌లో ఏడు నెలలు గడిచాయనుకుంటే ఆ వడ్డీ సుమారు 49.60. తెర మీద 1,150 కనిపించి, అందులో ఈ వడ్డీ కలిసే ఉంటే, బాండ్ అసలు ధర 1,100 దగ్గరే ఉన్నట్టు. 1,150ని అలాగే సూత్రంలో పెడితే రాబడి తక్కువగా తేలి మంచి బాండ్‌ను వదిలేసుకుంటారు. కాబట్టి చూపిస్తున్న ధరలో పేరుకున్న వడ్డీ ఉందో లేదో ముందు తేల్చుకోండి. మధ్య తేదీల్లో కొనేటప్పుడు `YIELD` సూత్రం వాడాలి. దానికి వడ్డీ కలవని ధరను 100 ముఖ విలువకు మార్చి ఇవ్వాలి, అంటే 1,100 బదులు 110.

రెండోది, జారీ చేసిన సంస్థకు బాండ్‌ను గడువు కంటే ముందే వెనక్కి తీసుకునే హక్కు. కొన్ని కంపెనీ బాండ్లలో ఈ షరతు, అంటే కాల్ ఆప్షన్ ఉంటుంది. మన లెక్కలోని బాండ్‌ను రెండేళ్లకే 1,000 ఇచ్చి రద్దు చేశారనుకుంటే ఆ 100 నష్టం రెండేళ్లలోనే మీద పడుతుంది:

```
=RATE(2, 85, -1100, 1000)
```

ఇది 3.25 శాతమే. ప్రీమియం బాండ్‌కు కాల్ తేదీ ఉంటే ఆ తేదీ వరకు లెక్కగట్టిన రాబడిని కూడా చూసి, రెండింట్లో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇక మధ్యలో వచ్చే వడ్డీని మళ్లీ అదే రేటుకు పెట్టగలిగితేనే నాలుగేళ్ల చివర పోగయ్యే మొత్తం వైటీఎం చెప్పినట్టు ఉంటుంది. ఆ 85లను 4 శాతానికే పెట్టగలిగారనుకుంటే మన రాబడి 5.64 నుంచి 5.47కి తగ్గుతుంది. నాలుగేళ్ల బాండ్‌కు ఇది చిన్న తేడానే, ఇరవై ఏళ్ల బాండ్‌కు మాత్రం కాదు. కంపెనీ చెప్పిన తేదీకి డబ్బు కట్టకపోతే ఏమవుతుందన్నది ఈ సూత్రాల్లో దేనిలోనూ లేదు. ఒకే గడువున్న రెండు బాండ్లలో ఒకదాని వైటీఎం బాగా ఎక్కువగా కనిపిస్తే, ఆ తేడా ఎందుకుందో రేటింగ్ నివేదికలో వెతకండి.