వాట్సాప్‌లో ప్రశ్నపత్రం ఫొటో మసగ్గా వచ్చిందా, అంచు తెగిందా? సమస్య - పరిష్కారం

పంపినవాళ్లను మళ్లీ అడిగే ముందు, దయచేసి ఫొటో మీద నొక్కి పూర్తిగా తెరిచి చూడండి. చాట్‌లో కనిపించేది చిన్న రూపం మాత్రమే. నిలువు ఫొటో అయితే పైభాగం, కిందిభాగం అక్కడ కనబడకపోవచ్చు. "సగం పేపరే వచ్చింది" అన్న చాలామందికి ఇలా తెరవగానే మొత్తం కనిపించింది.

పెద్ద అక్షరాలు బాగున్నాయి, చిన్న గుర్తులు తెలియడం లేదు

ఇది చేయి వణకడం వల్ల వచ్చింది కాదు. చేయి వణికితే అక్షరాలన్నీ ఒకే దిక్కుకు సాగి, నీడ పడ్డట్టు రెండుగా కనిపిస్తాయి. ఇక్కడ ఫొటోను మామూలుగా పంపినప్పుడు వాట్సాప్ దాని సైజు తగ్గించింది. ముందు దెబ్బతినేవి ఘాతాలు, దశాంశ బిందువులు, మైనస్ గుర్తులు.

ఒకసారి నేను x² − 5x + 6 = 0 లో మైనస్‌ను ప్లస్ అనుకున్నాను. అసలు జవాబు 2, 3. నాకు −2, −3 వచ్చాయి. అవీ చక్కని సంఖ్యలే కాబట్టి అనుమానమే రాలేదు.

"మళ్లీ పంపండి" అంటే అదే ఫొటో ఫార్వర్డ్ అయి వస్తుంది. సైజు తగ్గకుండా ఉండాలంటే డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. అయినా ఒక్కోసారి మసకే వస్తుంది, నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. అప్పుడు ఫైల్ పేరు చూడండి. `IMG-20250312-WA0007.jpg` లాగా మధ్యలో `WA` ఉంటే, అది ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ సేవ్ చేసిన కాపీ. అంటే సైజు తగ్గిన ఫొటోనే డాక్యుమెంట్‌గా వచ్చింది. పంపినవాళ్లకు కూడా అది ఇంకొకరి నుంచి వచ్చి ఉంటుంది. అసలు ఫొటో ఎవరు తీశారో అడిగి తెలుసుకోవాలి.

అడిగేటప్పుడు ఏది కావాలో కచ్చితంగా చెప్పండి. ఉత్త "క్లియర్‌గా లేదు" అంటే వాళ్లకు ఏం చేయాలో తెలియదు, తప్పు పట్టినట్టూ ఉంటుంది. నేను ఇలా రాస్తాను:

"పేపర్ పంపినందుకు థ్యాంక్స్ అండీ. రెండో పేజీలో 14వ ప్రశ్న దగ్గర ప్లస్సో మైనస్సో తెలియడం లేదు. ఫొటో మీరే తీసి ఉంటే, గ్యాలరీలో ఉన్నదాన్ని డాక్యుమెంట్‌గా పంపగలరా? వేరేవాళ్లు తీసి ఉంటే వాళ్లను అడుగుతాను. పేపర్ మీ దగ్గరే ఉంటే ఆ ఒక్క ప్రశ్నను దగ్గరగా ఫొటో తీసినా చాలు. వీలు చూసుకుని పంపండి."

ఒక్క ప్రశ్నే అడిగితే మొత్తం పేపర్ మళ్లీ తీయాల్సిన పని ఉండదు, అందుకే జవాబు త్వరగా వస్తుంది.

తెరిచి చూసినా అంచు లేదు

స్కానింగ్ యాప్ అంచును తప్పుగా పట్టుకుని ఉంటుంది. కుడివైపు మార్కులు, పైన "ఏవైనా ఐదింటికి జవాబులు రాయండి" లాంటి సూచన పోతాయి. పేపర్ చుట్టూ బల్ల కొంచెం కనిపించేలా మామూలు కెమెరాతో తీయమనండి.

లెన్స్ మీద మరక, పాడైన ఫైల్ లాంటివి అరుదు. మసక పోగొడతామనే యాప్‌లతో మాత్రం పని పెట్టుకోకండి. పోయిన మైనస్‌ను అవి తిరిగి తేలేవు, ఊహించి గీస్తాయి.