చేలో తీసిన కంకి ఫొటో చూసి రాగి, కొర్ర, సజ్జలను ఎలా గుర్తించాలి?

చేలో తీసిన ఫొటోలో చాలాసార్లు కంకి ఒక్కటే ఉంటుంది. మొక్క ఎత్తు, కాండం లావు, ఆకు వెడల్పు తెలియవు. అలాంటప్పుడు రాగిని వేరు చేయడం తేలికే కాని, కొర్రకూ సజ్జకూ మధ్య తేడా పట్టుకోవడంలోనే అనుభవమున్నవారు కూడా పొరబడుతుంటారు. మీసాలు కనిపించగానే కొర్ర అనీ, కంకి నిటారుగా ఉంటే సజ్జ అనీ తేల్చేయడం ఈ పొరపాటుకు ముఖ్య కారణం. ఈ రెండు గుర్తులూ రకాన్ని బట్టి, పంట దశను బట్టి మారిపోతాయి. అందుకే కింది వరుసలో చూడటం మంచిది.

మొదటి మెట్టు: కంకి వేళ్లుగా చీలిందా, ఒకే కడ్డీగా ఉందా?

కాడ చివర ఒకేచోట నుంచి నాలుగు మొదలుకొని పది వరకు వేళ్లు విడివడి కనిపిస్తే అది రాగి. వీటిలో ఒక వేలు తరచుగా మిగతావాటికన్నా కాస్త కింద, బొటనవేలిలా విడిగా పుడుతుంది. గింజలు వేలికి ఒక పక్కనే వరుసలుగా కుదురుకుని ఉంటాయి. వేలి మీద ఎక్కడా మీసాలు ఉండవు.

చిక్కు వచ్చేది ముద్దకంకి రకాలతోనే. వాటి వేళ్లు లోపలికి ముడుచుకుని బిగించిన పిడికిలిలా ఉంటాయి కాబట్టి, పైనుంచి తీసిన ఫొటోలో గోధుమరంగు ఉండ తప్ప ఇంకేమీ కనిపించదు. అలాంటి ఫొటోలో కంకి అడుగు భాగాన్ని పెద్దది చేసి చూడాలి. వేళ్లు ఎంత ముడుచుకున్నా, అవి కాడను కలిసే చోట వేటికవి విడిగా మొదలైన గీతలు దాగవు. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. రాగి చేలో రాగిని పోలిన కలుపు గడ్డి ఒకటి పెరుగుతుంది. దానికీ వేళ్లున్నా అవి సన్నగా, పలచగా ఉంటాయి, గింజ ఉబ్బి బయటికి కనిపించదు, మొక్క మొదలు తెల్లగా చదునుగా నేలకు పరుచుకుంటుంది.

రెండవ మెట్టు: ఒకే కడ్డీ అయితే, దాని అంచు చూడండి

ఇక మిగిలింది కొర్ర, సజ్జ. ఇక్కడ మీసాలను పక్కన పెట్టి, కంకి అంచు గీతను పైనుంచి కిందికి కంటితో అనుసరించాలి. కొర్ర కంకిలో మధ్య కాడ నుంచి పొట్టి పొట్టి కొమ్మలు పుడతాయి, ఒక్కొక్క కొమ్మ మీద గింజలు గుత్తిగా చేరతాయి. అందువల్ల అంచు ఎగుడుదిగుడుగా, చిన్న చిన్న గుత్తులను ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు ఉంటుంది. ముఖ్యంగా కింది భాగంలో ఈ గుత్తుల మధ్య సందులు తెలుస్తాయి. సజ్జలో అలాంటి కొమ్మలు లేవు. గింజల గుంపులు అతి పొట్టి తొడిమలతో లావాటి మధ్య కాడకే నేరుగా అతుక్కుని ఉంటాయి. అందుకే కంకి పొడవునా ఒకే నిండుదనంతో, పోత పోసిన కడ్డీలా కనిపిస్తుంది.

కంకి వంపు ఈ గుర్తుకు తోడుగా మాత్రమే పనికొస్తుంది. గింజ నిండి బరువెక్కిన కొర్ర కంకి నక్క తోకలా తల వంచుతుంది, సజ్జ కంకి బిర్రుగా నిలబడుతుంది. కాని పాలు పోసుకోని కొర్ర కంకి కూడా నిటారుగానే ఉంటుంది కాబట్టి, నిలువుగా ఉన్నంత మాత్రాన కొర్రను కాదనలేము.

మూడవ మెట్టు: గింజ తల బట్టతలా, ముసుగులోనా?

పంట ముదిరి ఉంటే ఇదే అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు. సజ్జ గింజ తన పొట్టులో ఇమడదు. దాని గుండ్రని తల బూడిద రంగులోనో పసుపు రంగులోనో పొట్టును తోసుకుని బయటికి వస్తుంది. కొర్ర గింజ చివరిదాకా నిగనిగలాడే గట్టి పొట్టులోనే ఉంటుంది. ఫొటోలో మనం చూసే పసుపు, ఎరుపు, నలుపు రంగులు ఆ పొట్టువే గాని లోపలి బియ్యానివి కావు.

పరిమాణం కూడా తేడా చెబుతుంది. సజ్జ గింజ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే, కొర్ర గింజ సుమారు రెండు మిల్లీమీటర్లే. ఫొటోలో కంకిని పట్టుకున్న వేలు ఉంటే అదే కొలబద్ద. పెద్దవారి చూపుడువేలి గోరు వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు అనుకుని, అంత మేరలో పక్కపక్కన ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టండి. మూడు దాకా వస్తే సజ్జ, ఐదారు వస్తే కొర్ర.

నేను పొరబడిన ఒక ఫొటో

ఒకసారి ఒక మిత్రుడు జానెడు పొడవున్న కంకి ఫొటో పంపి, ఇది ఏమిటని అడిగాడు. కంకి నిండా ఊదారంగు మీసాలు ఒత్తుగా లేచి ఉండటంతో నేను ఆలోచించకుండా కొర్ర అన్నాను. ఆ తరువాత ఫొటోను పెద్దది చేసి చూస్తే, మీసాల వెనుక కంకి అంచు ఎక్కడా గుత్తులుగా విడిపోలేదు. ఒకచోట మీసాలు కాస్త తొలగి ఉండగా బూడిదరంగు గింజల నున్నని తలలు బయటికి తొంగిచూస్తున్నాయి. కంకిని పట్టుకున్న వేలి గోరు మేరలో మూడు గింజలే ఉన్నాయి. అది మీసాలుండే సజ్జ రకం. సజ్జలో ప్రతి గింజల గుంపు చుట్టూ పొట్టి వెంట్రుకలు గిన్నెలా గుమికూడి ఉంటాయి. కొన్ని రకాల్లో వాటిలో కొన్ని బాగా పొడవు పెరిగి పిట్టలకు అడ్డుపడతాయి. కొర్రలోనైతే ఒక్కో గింజ అడుగున ఒకటి రెండు, మహా అయితే మూడు మీసాలు మాత్రమే ఉంటాయి.

ఎక్కడ ఫొటో చాలదు?

పూత దశలో గింజ కనిపించదు. సజ్జలో ముందు తెల్లని ఈకల్లాంటి కీలాగ్రాలు, ఆ తరువాత పుప్పొడి తిత్తులు బయటికి వచ్చి కంకి మొత్తాన్ని కప్పేస్తాయి. ఆ దశలో అంచు గీత తప్ప వేరే ఆధారం ఉండదు. పిట్టలు తిన్న సజ్జ కంకిలో గింజలు పోయి ఖాళీ గిన్నెలు మిగులుతాయి, గింజ రాలిన కొర్ర కంకిలో మీసాలు మిగులుతాయి. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. వెర్రి కంకి తెగులు సోకి కంకి ఆకుల కుచ్చులా మారిపోతే, ఆ కంకితో ఏమీ తేల్చకుండా అదే చేలోని ఆరోగ్యమైన కంకిని చూడాలి.

చేలోనే ఉన్నవారైతే కంకిని మధ్యలో రెండు బొటనవేళ్లతో విప్పి, లోపలి కాడ కనిపించేలా ఒక ఫొటో, అడుగు భాగాన్ని పక్కనుంచి ఒక ఫొటో, వేలి గోరు పక్కన గింజలు ఉండేలా దగ్గరగా మరొకటి తీయాలి. విప్పినప్పుడు పొట్టి కొమ్మలు తేలికగా పక్కకు వాలి మధ్య కాడ బయటపడితే కొర్ర, గట్టిగా అతుక్కుని ఉండి వేలికి లొంగకపోతే సజ్జ.