రెండు భాషల ఇల్లు – నాలుగో పాఠం: మూడో మనిషి ఉన్నప్పుడు

పోయిన వారం ఇద్దరి సంగతి చూశాం. మనం ఒరియాలో పలకరిస్తే ఎదుటివారు తెలుగులో జవాబిచ్చారనుకోండి, మనమూ తెలుగులోకి వచ్చేయాలి. ఇంకా ఒరియానే పట్టుకుని వేలాడితే, ‘మీ తెలుగు నాకు ఆనలేదు’ అన్నట్టు ఉంటుంది. ఈసారి గదిలో మూడో మనిషి ఉన్నారు. ఆవిడకు ఒరియా రాదు.

ఇచ్ఛాపురంలో ఇది మామూలే. బరంపురం ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరం. 1936లో ఒరిస్సాను విడిగా ప్రావిన్సు చేసినప్పుడు పాత గంజాం జిల్లాను చీల్చారు గానీ, అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం ఆగలేదు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. తాంబూలాలకు బరంపురం నుంచి పెళ్లికొడుకు వాళ్ల మామ్మగారు వచ్చారు. ఆవిడకు తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం ఒరియానే వస్తుంది. పక్కనే విజయనగరం నుంచి వచ్చిన మా వదిన మంచం మీద కూర్చుంది. రాత్రి చలిగా ఉంటుందని మామ్మగారు దుప్పటి అడిగారు. వదిన వెనక మడతపెట్టి ఉన్నదాన్ని చూపించి, అది ‘మోటా’గా ఉంది, సరిపోతుందని ఒరియాలో అన్నాను. ఆవిడా అటే చూసి ‘మోటా’ అని నవ్వారు. ఒరియాలో మందంగా ఉన్న దుప్పటినీ, లావుగా ఉన్న మనిషినీ ఆ మాటతోనే అంటారు. వదినకు ఒరియా రాదు, కానీ హిందీలో మోటా అంటే ఏమిటో తెలుసు. ఆ పూట ఆవిడ నాతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర స్వీటు వేయబోతే, “వద్దులే, ఇప్పటికే మోటా కదా” అంది. అప్పటికిగానీ నాకు వెలగలేదు.

ఏమీ అర్థం కాని మాటల కన్నా సగం అర్థమయ్యే మాటలే ఎక్కువ గొడవ తెస్తాయి. తెలిసిన మాట ఒకటి చెవిన పడుతుంది, దానికి తోడు మన చూపో వేలో అటువైపే ఉంటుంది. మిగతా కథ విన్నవాళ్లే అల్లుకుంటారు. అందుకే భాష మార్చే ముందు, అందరికీ తెలిసిన భాషలో ఎవరితో ఏ సంగతి మాట్లాడబోతున్నామో ఒక ముక్క చెప్పాలి. మార్చాక ఆ సంగతి దాటి పోకూడదు. రెండు మూడు వాక్యాల్లో ముగించాలి. తిరిగి వచ్చేటప్పుడు ఏం తేలిందో చెప్పాలి. మధ్యలో ఎవరి పేరైనా దొర్లినా, ఎవరివైపైనా చూసినా, నవ్వు వచ్చినా అదీ తప్పకుండా చెప్పాలి.

అదే సీను ఇప్పుడైతే ఇలా నడుపుతాను: “వదినా, మామ్మగారు దుప్పటి అడుగుతున్నారు. నీ ఎనకున్నది సరిపోద్దేమో అడుగుతానుండు.” ఆవిడతో ఒరియాలో రెండు మాటలు. ఆ తర్వాత, “మందంగా ఉంది, అదే చాలంటున్నారు. బేగి ఇలా అందుకో వదినా.” దుప్పటి అందిస్తున్న మనిషి ఆ మాటల్లో భాగమైపోయింది. మామ్మగారికి తెలుగు అర్థమవుతుంది కాబట్టి, ఆమె గురించి మనం ఏం చెబుతున్నామో ఆమెకూ వినబడింది.

ఇందులో ఇంకో పొరపాటు ఉంది, చదువుకున్నవాళ్లు ఎక్కువగా చేస్తారు. వదిన కోసమని ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పుకుంటూ పోవడం. అప్పుడు మనం దుబాసీ వేషం కట్టినట్టు ఉంటుంది, మామ్మగారి మాట ముక్కలైపోతుంది. ప్రతి మాటా అక్కర్లేదు, తేలింది చెబితే చాలు. ఒరియా జోకును తెలుగులో తిరగ్గొట్టాలని కూడా చూడకండి. “దుప్పటి వాళ్లాయనకన్నా బరువుగా ఉందంటున్నారు” అని దేని మీద నవ్వారో చెప్పేస్తే సరి.

మూడో మనిషి వెనకబడ్డారని ఎలా పసిగట్టాలి? నవ్వు చూడండి. అందరూ నవ్వాక, మన మొహాలు చూసి ఓ క్షణం ఆలస్యంగా నవ్వుతారు. లేదా ఫోను తీస్తారు. ఫోను తీశారంటే మనం అప్పటికే ఆలస్యం చేశాం.

పంక్తి భోజనాల్లో, నలభై మంది నాలుగు గుంపులుగా మాట్లాడుకునే చోట ఇదంతా పట్టించుకోనక్కర్లేదు. ఒకే చాప మీదో మంచం మీదో కూర్చున్న నలుగురైదుగురి మధ్యే అవసరం. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ముందు ఏ భాష నోటికొస్తే అది మాట్లాడండి, తర్వాత చెప్పుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో రోజుకొక్కసారి భాష మార్చే ముందు ఆ ముందుమాట చెప్పండి. “ఒక్క నిమిషం, పాల లెక్క ఈయనతో ఒరియాలో తేల్చేస్తాను” లాంటిది చాలు. మొదట్లో నాటకంలా అనిపిస్తుంది. అనకుండా మార్చేసిన సందర్భాలు రాత్రి గుర్తు చేసుకుని, అప్పుడు పక్కన ఎవరున్నారో ఒక కాగితం మీద రాయండి. వచ్చే పాఠంలో ‘ఆపణ’, ‘తుమే’, ‘తు’ చూద్దాం. మన ‘మీరు’, ‘నువ్వు’ రెండే అయితే అక్కడ మూడు మెట్లు, మనవాళ్లు జారిపడేది ఆ మధ్య మెట్టు మీదే. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, దాంతో పని పడుతుంది.